ఇచ్చేసిన బిల్లులో తప్పు దొరికిందా? ఆ బిల్లుని ముట్టుకోకుండా క్రెడిట్ నోట్ ఎలా వెయ్యాలి

బెంగళూరులో బీవీకే అయ్యంగార్ రోడ్డు, చిక్‌పేట, అవెన్యూ రోడ్డు వైపు హోల్‌సేల్ షాపులు నడిపే మనవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళ సరుకులో సగం హిందూపురం, అనంతపురం, మదనపల్లె పోతుంది. ఈ షాపుల్లో కొన్నింటికి నేను అకౌంట్స్ చూస్తాను. ప్రతి చోటా కామన్‌గా కనిపించే అలవాటు ఒకటుంది, బిల్లు వెళ్ళిపోయాక అందులో తప్పుందని తెలిస్తే వెంటనే ట్యాలీ తెరిచి అదే బిల్లులో రేటు మార్చేసి, మళ్ళీ ప్రింట్ తీసి, వాట్సాప్‌లో "పాతది చింపెయ్యండి, ఇది పెట్టుకోండి" అని పంపేస్తారు. ఇంకొందరైతే బిల్లునే డిలీట్ చేసి కొత్తది కొడతారు. ఈ రెండూ చెయ్యకూడదు. ఎందుకు చెయ్యకూడదో, దాని బదులు ఎక్కువ పడిన మొత్తాన్ని విడిగా తగ్గించే కాగితం, అంటే క్రెడిట్ నోట్, ఎలా వెయ్యాలో ఒక్క కేసు పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చెప్తాను, మీ షాపులో అంకెలు వేరే ఉంటాయి గానీ దారి ఇదే.

కేసు ఇది. అయ్యంగార్ రోడ్డులో ఒక ఎలక్ట్రికల్ షాపు. 2025 ఆగస్టు 18న హిందూపురంలో ఒక షాపుకి 1.5 ఎంఎం వైరు 40 కాయిల్స్ పంపారు. మాట్లాడుకున్న రేటు కాయిల్‌కి 1,560. బిల్లు కొట్టే అబ్బాయి 1,650 అని టైప్ చేశాడు. బిల్లు నంబరు `BLR/25-26/0412`. సరుకు విలువ 66,000, కర్ణాటక నుంచి ఆంధ్రాకి పోతోంది కాబట్టి ఐజీఎస్టీ 18 శాతం అంటే 11,880, మొత్తం 77,880. సరుకు వెళ్ళిపోయింది, ఆగస్టు జీఎస్టీఆర్-1 ఫైల్ అయిపోయింది, 3బీ కూడా కట్టేశారు. సెప్టెంబర్ 24న హిందూపురం నుంచి ఫోను, "అన్నా, 1,560 అని చెప్పి 1,650 వేసినారే, ఆ బిల్లు మార్చి ఇంకోటి పంపియ్యన్నా" అని. అడిగింది న్యాయమే, డబ్బు తగ్గించాల్సిందే, కానీ బిల్లు మార్చి కాదు.

బిల్లు మారిస్తే ఏమవుతుందంటే

ఆ బిల్లు ఇప్పుడు మీ ఒక్కరి దగ్గరే లేదు. ఒక కాపీ హిందూపురం షాపు ఫైల్లో ఉంది. వాళ్ళ కొనుగోలు ఎంట్రీ 77,880కి పడింది. మీరు జీఎస్టీఆర్-1 వేసినప్పుడు అదే బిల్లు పోర్టల్‌లోకి వెళ్ళింది, సెప్టెంబర్ 14న, కొన్నవాళ్ళకి వచ్చే పన్ను క్రెడిట్ చూపించే 2బీలో వాళ్ళకి 11,880 కనిపించింది, వాళ్ళు దాన్ని వాడేసుకున్నారు. లారీ ఎక్కించినప్పుడు తీసిన ఈ-వే బిల్లులో కూడా 77,880 అనే ఉంది. ఇప్పుడు మీరు మీ ట్యాలీలో మాత్రం 0412ని 73,632కి మార్చారనుకోండి, మిగతా మూడు చోట్లా పాత అంకె అలాగే ఉంటుంది, ఒకే నంబరు ఒకే తేదీతో రెండు వేరే వేరే మొత్తాలున్న కాగితాలు ఊళ్ళో తిరుగుతుంటాయి. ఏ కాగితం నిజమో చెప్పడానికి మీ దగ్గర ఆధారమేమీ ఉండదు, ఎందుకంటే పాతదాన్ని మీరే చెరిపేశారు. ఆడిట్ టైములో పుస్తకం అమ్మకాలకీ రిటర్న్ అమ్మకాలకీ 3,600 తేడా అని వస్తుంది, ఆరు నెలల తర్వాత ఆ తేడా ఏ బిల్లుదో పట్టుకోవడానికి ఒక పూట పోతుంది.

మీది కంపెనీ అయితే ఇంకో సంగతి కూడా ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి, దాన్ని ఆఫ్ చెయ్యడానికి లేదు. ఎవరు ఎప్పుడు ఏ అంకె మార్చారో అందులో ఉండిపోతుంది. పార్ట్‌నర్‌షిప్, ప్రొప్రైటర్‌షిప్ షాపులకి ఈ రూలు వర్తించదు గానీ పైన చెప్పిన గొడవ మాత్రం వాళ్ళకీ అంతే.

డిలీట్ చేస్తే ఇంకా కష్టం

బిల్లు నంబర్లు వరసగా ఉండాలి, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక నంబరు ఒక్కసారే రావాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఇది రూలు. జీఎస్టీఆర్-1లో టేబుల్ 13 అని ఒకటుంది, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా బిల్లులు ఇచ్చారు, అందులో ఎన్ని క్యాన్సిల్ చేశారు అని అక్కడ చెప్పాలి. 0411 తర్వాత 0413 ఉంటే మధ్యలోది ఏమైందని ఎవరైనా అడుగుతారు, అడగడంలో తప్పు కూడా లేదు, లెక్కలో చూపించని అమ్మకం దాగేది ఆ ఖాళీలోనే కదా.

ఇంతకన్నా భయపడాల్సింది ఇంకోటుంది. ట్యాలీలో ఆటోమేటిక్ నంబరింగ్ పెట్టుకుని, డిలీట్ చేస్తే నంబర్లు మళ్ళీ సర్దేలా సెట్టింగ్ ఉంటే, మీరు 0412 మీద `Alt+D` కొట్టగానే 0413 కాస్తా 0412 అవుతుంది, 0414 కాస్తా 0413 అవుతుంది, అలా చివరిదాకా జరుగుతుంది. అంటే తప్పు ఒక్క బిల్లులో ఉంటే, దాని తర్వాత కొట్టిన ప్రతి బిల్లూ కస్టమర్ చేతిలో ఉన్న నంబరుతో కలవకుండా పోతుంది. ఇది మీ దగ్గర జరిగిందేమో చూడాలంటే ఈజీ, డే బుక్‌లో ఏదో ఒక పాత బిల్లు తెరిచి, ఫైల్లో ఉన్న ప్రింట్ కాపీ పక్కన పెట్టి నంబరూ పార్టీ పేరూ కలుస్తున్నాయా చూడండి. ట్యాలీప్రైమ్ 3.0 నుంచి వోచర్ టైప్ సెట్టింగ్‌లో `Retain Original Voucher No.` అనే ఆప్షన్ వచ్చింది, సేల్స్‌కీ క్రెడిట్ నోట్‌కీ రెండింటికీ అది పెట్టుకోండి, ఈ పని ఇవాళే చెయ్యండి.

ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి

ప్రతి తప్పుకీ క్రెడిట్ నోట్ అక్కర్లేదు. మొదటి ప్రశ్న, బిల్లు షాపు దాటిందా? కస్టమర్‌కి ఇవ్వలేదు, సరుకు కదల్లేదు, రిటర్న్‌లో ఎక్కలేదు అంటే ట్యాలీలో ఆ బిల్లుని `Alt+X` కొట్టి క్యాన్సిల్ చెయ్యండి. డిలీట్ వేరు, క్యాన్సిల్ వేరు. క్యాన్సిల్ చేస్తే నంబరు అక్కడే ఉంటుంది, మొత్తం మాత్రం పోతుంది, టేబుల్ 13లో క్యాన్సిల్డ్ అని ఒకటి లెక్కకొస్తుంది. తర్వాత నంబరుతో సరైన బిల్లు కొట్టండి. టర్నోవర్ 5 కోట్లు దాటి ఈ-ఇన్వాయిస్ పరిధిలో ఉన్నవాళ్ళైతే బిల్లుకి పోర్టల్ ఇచ్చే ఐఆర్ఎన్ నంబరు వచ్చిన 24 గంటల్లోపే పోర్టల్‌లో క్యాన్సిల్ చెయ్యగలరు, చేసినా ఆ నంబరు మళ్ళీ వాడటానికి కుదరదు, ఈ-వే బిల్లు యాక్టివ్‌గా ఉంటే ముందు దాన్ని క్యాన్సిల్ చెయ్యాలి. ఆ 24 గంటలు దాటితే ఇక క్రెడిట్ నోటే.

రెండో ప్రశ్న, తప్పు కాగితంలో ఉందా, రిటర్న్‌లో ఉందా? ఇది చాలామంది కలిపేసుకుంటారు. బిల్లు కరెక్ట్‌గానే 62,400కి కొట్టారు, జీఎస్టీఆర్-1 వేసేటప్పుడు 66,000 అని ఎక్కించారు అనుకోండి, అప్పుడు కాగితానికి ఏ రోగమూ లేదు, క్రెడిట్ నోట్ వెయ్యకూడదు, రిపోర్టింగ్ సరిచెయ్యాలి. ఆ నెల 3బీ ఇంకా వెయ్యకపోతే జీఎస్టీఆర్-1ఏలో, వేసేసి ఉంటే తర్వాత నెల జీఎస్టీఆర్-1లో టేబుల్ 9ఏలో. అలా కాకుండా కాగితమే తప్పైతే, మన కేసులాగా, 9ఏలో అంకె మార్చేసి ఊరుకుంటే కస్టమర్ చేతిలో ఉన్న బిల్లు తప్పుగానే మిగిలిపోతుంది. కాగితం తప్పుకి జవాబు ఇంకో కాగితమే.

లెక్క: తేడా మాత్రమే

మన కేసులో సరుకు తిరిగి రాలేదు, పార్టీ మారలేదు, రేటు ఒక్కటే ఎక్కువ పడింది. కాబట్టి బిల్లు మొత్తాన్ని వెనక్కి తియ్యాల్సిన పని లేదు, ఎక్కువ వేసిన ముక్కని మాత్రం తగ్గిస్తాం. కాయిల్‌కి 90 రూపాయలు, 40 కాయిల్స్‌కి 3,600. దాని మీద 18 శాతం 648. మొత్తం 4,248. సరిచూసుకోండి, 77,880లోంచి 4,248 తీస్తే 73,632, అదే 1,560 రేటుకి 62,400, దాని మీద 11,232 పన్ను కలిపితే వచ్చేది. ఈ రెండూ కలిశాకే ముందుకెళ్ళండి. కొందరు 4,248 బదులు పన్ను లేకుండా 3,600 మాత్రం తగ్గిస్తారు, అప్పుడు కస్టమర్ మాట్లాడుకున్న దానికన్నా 648 ఎక్కువ కట్టాల్సి వస్తుంది, మీరు అక్కర్లేని పన్ను కట్టినట్టవుతుంది.

పన్ను రేటూ రకమూ పాత బిల్లులో ఏముందో అదే వెయ్యాలి. పాత దాంట్లో ఐజీఎస్టీ అయితే నోట్‌లోనూ ఐజీఎస్టీ, సీజీఎస్టీ ఎస్జీఎస్టీ అయితే అవే రెండు.

నోట్ మీద ఏముండాలి

క్రెడిట్ నోట్‌కి దాని సొంత నంబర్ వరస ఉండాలి, సేల్స్ బిల్లుల వరసలో కలపకండి. ఇక్కడ `CN/25-26/0019` అనుకుందాం. తేదీ మీరు నోట్ ఇచ్చే రోజు, అంటే సెప్టెంబర్ 24. పాత బిల్లు తేదీ ఆగస్టు 18 కదా అని నోట్‌కి కూడా ఆగస్టు తేదీ వేసే అలవాటు కొందరికి ఉంది, అది పొరపాటు, ఆగస్టు రిటర్న్ మూసుకుపోయింది, ఆ తేదీ వేస్తే మీ ఆగస్టు పుస్తకం మళ్ళీ రిటర్న్‌తో కలవదు. తప్పు ఆగస్టుది, దిద్దుబాటు సెప్టెంబర్‌ది, రెండూ వాటి వాటి నెలల్లో కనపడాలి.

పైన "క్రెడిట్ నోట్" అని స్పష్టంగా ఉండాలి. మీ పేరు, అడ్రసు, జీఎస్టీ నంబరు, వాళ్ళ పేరు, అడ్రసు, జీఎస్టీ నంబరు, తగ్గించే విలువ, పన్ను రేటు, పన్ను మొత్తం, సంతకం. అన్నిటికన్నా ముఖ్యం, ఏ బిల్లు మీద వేస్తున్నారో ఆ బిల్లు నంబరూ తేదీ, అంటే `BLR/25-26/0412`, 18-08-2025. పోర్టల్‌లో ఎక్కించేటప్పుడు పాత బిల్లు నంబరు ఇప్పుడు అడగట్లేదు కాబట్టి కొందరు నోట్ మీద కూడా వదిలేస్తున్నారు. రూలు ప్రకారం కాగితం మీద అది ఉండాల్సిందే, అది లేకపోతే ఈ 4,248 దేనికి తగ్గించారో చెప్పే దారం తెగిపోయినట్టే. కింద ఒక లైను మామూలు మాటల్లో రాయండి, "40 కాయిల్స్‌కి రేటు 1,560 బదులు 1,650 పడింది, కాయిల్‌కి 90 చొప్పున తగ్గింపు, సరుకు వాపసు లేదు" అని. ఆ చివరి మూడు మాటలు వదలకండి, ఎందుకో కిందే తెలుస్తుంది.

ఈ-ఇన్వాయిస్ పరిధిలో ఉన్నవాళ్ళు క్రెడిట్ నోట్‌కి కూడా ఐఆర్ఎన్ తియ్యాలి, బిల్లుకి తీసినట్టే.

ట్యాలీలో వేసేటప్పుడు

ట్యాలీప్రైమ్‌లో `Alt+F6` కొడితే క్రెడిట్ నోట్ వోచర్ వస్తుంది. పార్టీ పేరు ఇవ్వగానే వచ్చే చిన్న స్క్రీన్‌లో పాత బిల్లు నంబరూ తేదీ అడుగుతుంది, అక్కడ 0412 వివరాలు ఇవ్వండి, కారణం అడిగే చోట `04-Correction in Invoice` ఎంచుకోండి. `01-Sales Return` ముందే కనిపిస్తుంది కదా అని ఎంటర్ కొట్టుకుంటూ పోకండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. మామూలుగా వోచర్ ఐటెమ్ ఇన్వాయిస్ మోడ్‌లో తెరుచుకుంటుంది. అందులో వైరు, 40 కాయిల్స్, రేటు 90 అని వేస్తే లెక్క 3,600 సరిగ్గానే వస్తుంది, పన్ను కూడా 648 సరిగ్గానే వస్తుంది, ప్రింట్ చూసినా బాగుంటుంది. కానీ ట్యాలీ దాన్ని 40 కాయిల్స్ వాపసు వచ్చినట్టు తీసుకుని గోడౌన్ స్టాక్‌లో కలిపేస్తుంది. హిందూపురంలో ఉన్న సరుకు మీ పుస్తకంలో మళ్ళీ బెంగళూరు వచ్చేస్తుంది. ఇది నేను చాలా షాపుల్లో చూశాను, మార్చిలో స్టాక్ లెక్కపెట్టినప్పుడు వైరు తక్కువొచ్చిందని పని చేసే పిల్లల మీద అనుమానపడతారు, తీరా చూస్తే అది ఎప్పుడో వేసిన రేటు తేడా నోట్. అందుకే రేటు తేడా అయితే `Ctrl+H` కొట్టి `Accounting Invoice` మోడ్‌కి మార్చుకోండి. సేల్స్ అకౌంట్స్ కింద "రేటు తేడా" అని ఒక లెడ్జర్ ముందే తెరిచి, దానికి వైరు హెచ్ఎస్ఎన్ 8544, 18 శాతం సెట్ చేసి ఉంచుకోండి. నోట్‌లో ఆ లెడ్జర్‌కి 3,600, ఐజీఎస్టీ లెడ్జర్‌కి 648, అంతే. ఎంట్రీ లోపల జరిగేది ఏంటంటే సేల్స్ తగ్గింపుకి 3,600 డెబిట్, కట్టాల్సిన ఐజీఎస్టీకి 648 డెబిట్, పార్టీకి 4,248 క్రెడిట్. సేవ్ చేశాక స్టాక్ సమ్మరీ తెరిచి ఆ వైరు క్వాంటిటీ నోట్ వెయ్యక ముందు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉందా చూడండి.

అదే నిజంగా సరుకు వాపసు వస్తే మాత్రం ఐటెమ్ మోడ్‌లోనే, పాత బిల్లు రేటుకే, వచ్చిన కాయిల్స్ ఎన్నో అన్నీ లెక్కపెట్టి వెయ్యాలి. వాపసు సరుకు విలువ 50,000 దాటితే వచ్చే దారికి ఈ-వే బిల్లు కూడా ఉండాలి. రేటు తేడాకి సరుకు కదలదు కాబట్టి ఈ-వే బిల్లు ప్రసక్తే లేదు.

చివర్లో బిల్లు వారీ వివరాలు అడుగుతుంది. కస్టమర్ 0412కి ఇంకా డబ్బు కట్టకపోతే `Agst Ref` ఎంచుకుని 0412నే తగిలించండి, అప్పుడు బాకీల లిస్టులో ఆ బిల్లు మీద 73,632 మాత్రమే కనిపిస్తుంది. `New Ref` అని వదిలేస్తే 0412 మీద 77,880 బాకీ అలాగే ఉండి, పక్కన 4,248 వేరేగా వేలాడుతుంది, వసూలుకి వెళ్ళిన అబ్బాయి పాత అంకె అడిగి మళ్ళీ గొడవ. ఒకవేళ కస్టమర్ ముందే 77,880 మొత్తం కట్టేసి ఉంటే `New Ref` కింద నోట్ నంబరు ఇచ్చి ఉంచండి, తర్వాత బిల్లులో సర్దుకుంటారో, డబ్బు వెనక్కి వెయ్యమంటారో వాళ్ళనే అడగండి.

రిటర్న్‌లో ఎక్కించే ముందు ఒక ఫోను

నోట్ తేదీ సెప్టెంబర్ కాబట్టి అది సెప్టెంబర్ జీఎస్టీఆర్-1లో, అంటే అక్టోబర్ 11లోపు వేసే దాంట్లో, టేబుల్ 9బీలో పడుతుంది. పోర్టల్‌లో రిజిస్టర్డ్ పార్టీలకి `CDNR` అని ఉంటుంది. పార్టీ జీఎస్టీ నంబరు, నోట్ నంబరు, తేదీ, రకం క్రెడిట్, ప్లేస్ ఆఫ్ సప్లై 37-ఆంధ్రప్రదేశ్, ట్యాక్సబుల్ విలువ 3,600, పన్ను 648. అంకెల ముందు మైనస్ గుర్తు పెట్టకండి, క్రెడిట్ అని చెప్పగానే పోర్టల్ దానంతట అదే తగ్గిస్తుంది. ఆ నెల 3బీలో మీ ఐజీఎస్టీ 648 తగ్గి కనిపించాలి, కనిపించకపోతే నోట్ ఎక్కలేదన్నమాట.

ఇంతకు ముందు ఇక్కడితో పని ఐపోయేది. 2024 అక్టోబర్ నుంచి పోర్టల్‌లో ఐఎంఎస్ వచ్చింది, మీరు ఎక్కించిన నోట్ హిందూపురం షాపు లాగిన్‌లో కనిపిస్తుంది, వాళ్ళు ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు. ఒప్పుకుంటే, లేదా ఏమీ చెయ్యకుండా వదిలేసినా, వాళ్ళ క్రెడిట్‌లోంచి 648 పోతుంది. తిరస్కరిస్తే ఆ 648 మళ్ళీ మీ తర్వాత 3బీలో కట్టాల్సిన పన్నుగా వచ్చి కూర్చుంటుంది. ఇందులో అన్యాయం ఏమీ లేదు, ఆగస్టులో వాళ్ళు 11,880 క్రెడిట్ తీసేసుకున్నారు, అందులో 648 వెనక్కి ఇవ్వకుండా మీరు మాత్రం తగ్గించుకుంటే ప్రభుత్వానికి రావాల్సింది తగ్గిపోతుంది. చట్టం కూడా అదే చెప్తుంది, కొన్నవాళ్ళు ఆ క్రెడిట్ తీసుకుని ఉంటే దాన్ని వెనక్కి ఇవ్వాలి, అప్పుడే మీ పన్ను తగ్గేది.

కాబట్టి ఫైల్ చెయ్యకముందే ఒక ఫోను కొట్టండి. చిన్న ఊళ్ళల్లో రిటర్న్స్ వేసేది షాపతను కాదు, బయట ఉండే అకౌంటెంట్, ఆయనకి ఈ రేటు గొడవ తెలియదు, తెలియని నోట్ కనిపిస్తే తిరస్కరించడమే సేఫ్ అనుకుంటాడు. "అన్నా, 0412 బిల్లుకి 4,248 క్రెడిట్ నోట్ వేసినాం, నంబరు 19, పీడీఎఫ్ పంపిస్తాండా, మీ అకౌంటెంట్‌కి పంపి ఐఎంఎస్‌లో యాక్సెప్ట్ చెయ్యమను, మీ పుస్తకంలో పాత బిల్లు మార్చొద్దు, ఈ నోట్‌కి ఎదురుగా డెబిట్ నోట్ వేసుకోమను" అని ఒక్క మాట చెప్తే చాలు. ఆ చివరి మాట కూడా ముఖ్యమే, మీరు పాత బిల్లుని అలాగే ఉంచి వాళ్ళు మాత్రం వాళ్ళ కొనుగోలుని 73,632కి మార్చేసుకుని మళ్ళీ నోట్ కూడా ఎక్కిస్తే వాళ్ళ దగ్గర 4,248 రెండుసార్లు తగ్గిపోతుంది.

మొత్తం బిల్లు వెనక్కి తియ్యాల్సిన సందర్భం

తేడా వేస్తే సరిపోని తప్పు ఒకటుంది, పార్టీయే తప్పు పడటం. ఒకే ఓనర్‌కి బెంగళూరులో ఒక జీఎస్టీ నంబరు, హిందూపురంలో ఒకటి ఉంటాయి, మొదటిది 29తో మొదలవుతుంది, రెండోది 37తో. హిందూపురం సరుకుకి 29 నంబరు పడిపోతే ఐజీఎస్టీ బదులు సీజీఎస్టీ ఎస్జీఎస్టీ పడి ఉంటుంది, క్రెడిట్ కూడా వేరే రిజిస్ట్రేషన్‌కి వెళ్ళి ఉంటుంది. ఇలాంటప్పుడు తప్పు పార్టీ పేరు మీదే పూర్తి మొత్తానికి క్రెడిట్ నోట్ వేసి, సరైన నంబరు మీద ఈ రోజు తేదీతో, తర్వాత వచ్చే బిల్లు నంబరుతో కొత్త బిల్లు కొట్టాలి. కొత్త బిల్లులో రిమార్క్స్ దగ్గర పాత బిల్లు నంబరూ నోట్ నంబరూ రాసి పెట్టండి, మూడు కాగితాలు ఒకదానికొకటి దారి చూపిస్తాయి.

ఉత్త రేటు తేడాకి కూడా ఇలా మొత్తం తిప్పి కొత్త బిల్లు కొట్టేవాళ్ళున్నారు. నా అభిప్రాయం అయితే వద్దు. 4,248 సరిచెయ్యడానికి 77,880 వెనక్కి తీసి 73,632 మళ్ళీ ఎక్కించడం, సరుకు ఆగస్టులో వెళ్తే బిల్లు సెప్టెంబర్‌లో ఉండటం, ఈ-వే బిల్లు ఏ బిల్లుకీ కలవకపోవడం, ఇవన్నీ అనవసరంగా మీరు తెచ్చుకునే ప్రశ్నలు.

రేటు తక్కువ పడితే సంగతి రివర్స్, అప్పుడు మీరు వెయ్యాల్సింది డెబిట్ నోట్, ట్యాలీలో `Alt+F5`. దానిమీద పన్ను అదనంగా కట్టాలి. బిల్లుని ముట్టుకోకూడదన్నది మాత్రం అక్కడా అంతే.

ఎప్పటిలోపు

క్రెడిట్ నోట్ ఎప్పుడైనా రాసుకోవచ్చు గానీ దానితో పన్ను తగ్గించుకోవడానికి గడువుంది. ఆ అమ్మకం జరిగిన ఆర్థిక సంవత్సరం అయిపోయాక వచ్చే నవంబర్ 30, లేదా ఆ సంవత్సరం వార్షిక రిటర్న్ వేసిన రోజు, ఏది ముందైతే అది. మన 0412 బిల్లు 2025-26లోది కాబట్టి 2026 నవంబర్ 30. అది దాటాక కస్టమర్‌కి డబ్బు తగ్గించాలంటే పన్ను లేకుండా 3,600కే నోట్ ఇవ్వగలరు, ఆ 648 ఇక మీకు తిరిగి రాదు. కాబట్టి వార్షిక రిటర్న్ వెయ్యడానికి ముందే, నవంబర్ చివరి వారం దాకా ఆగకుండా, పాత సంవత్సరం పార్టీల లెడ్జర్లు ఒకసారి వాళ్ళకి పంపి బ్యాలెన్స్ కన్ఫర్మ్ చేయించుకోండి, తేలని రేటు తేడాలన్నీ అప్పుడే బయటపడతాయి. ఒకే పార్టీకి నాలుగైదు బిల్లుల్లో తేడా ఉంటే వాటన్నిటికీ కలిపి ఒక్క క్రెడిట్ నోట్ వెయ్యొచ్చు, 2019 ఫిబ్రవరి నుంచి దానికి వీలుంది, ఏ బిల్లుకి ఎంత అన్నది మాత్రం నోట్ మీద విడివిడిగా రాయండి.

నోట్ ఆఫీస్ కాపీని 0412 బిల్లు కాపీ వెనకే పిన్ చేసి పెట్టండి, కస్టమర్ రేటు గురించి పంపిన వాట్సాప్ మెసేజ్ ప్రింట్ కూడా దానికే. జీఎస్టీ పుస్తకాలు ఆ సంవత్సరం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి, అన్ని రోజులు ఈ మూడు కాగితాలూ ఒకే చోట ఉండాలి.